మాటల్లేని వాద్యంలోనూ మాటలు వినిపిస్తాయి: కోడింగ్ వేళ ఏది వినాలి?

ప్రశ్న: రాయదుర్గంలో ఒక ఆఫీసులో బ్యాక్ ఎండ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. ఓపెన్ ఆఫీసు కావడంతో చుట్టూ మాటలు ఎక్కువ. పాటలు పెట్టుకుంటే సాహిత్యం అడ్డొస్తోందని పాత తెలుగు సినిమా పాటల వీణ, వేణువు వెర్షన్లకు మారాను. అయినా అరగంటకే దృష్టి చెదిరి, చదివిన ఫంక్షన్‌నే మళ్లీ చదువుతున్నాను. గంటల తరబడి నిలకడగా సాగుతూ పనికి అడ్డురాని సంగీతం ఏదైనా చెప్పగలరా?

సమాధానం: మీరు గాయకుణ్ణి తీసేశారు గానీ పాటను తీసేయలేదు. చిన్నప్పటి నుంచి విన్న పాట పల్లవి వీణ మీద మొదలైతే, దాని సాహిత్యం తెలుగువాడి మనసులో దానంతటదే నడుస్తుంది. వేణువు చరణం ఎత్తుకోగానే తరువాతి పంక్తి ఏమిటో మనసు ముందే వెళ్లి అందుకుంటుంది. చెవికి మాటలు చేరడం లేదన్నది నిజమే, కానీ మాటలు పుట్టే చోటు లోపలే ఉన్నప్పుడు వాద్యానికి మారి పెద్దగా లాభం లేదు. నేను సాఫ్ట్‌వేర్ పనిలోనే చాలా కాలంగా ఉన్నాను, అంతకు ముందు కొన్నేళ్లు వీణ నేర్చుకున్నాను. ఈ రెండింటి అనుభవంతో చెబుతున్నాను: ఇన్‌స్ట్రుమెంటల్ అన్న పేరు చూసి కాక, ఆ సంగీతానికి మీ మనసులో సాహిత్యం ఉందా లేదా అని చూసి ఎంచుకోవాలి.

ఈ అడ్డు ఎక్కడ తగులుతుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. అలన్ బ్యాడ్లీ, గ్రాహమ్ హిచ్ 1974లో ప్రతిపాదించిన వర్కింగ్ మెమరీ నమూనాలో మాటలను కాసేపు పట్టి ఉంచే భాగం ఒకటి ఉంది. అందులో పట్టేది రమారమి రెండు సెకన్లలో పలకగలిగినంత మాత్రమే. దాన్ని నిలుపుకోవడానికి మనం లోలోపల పలుకుతూనే ఉంటాము. కోడ్ చదివేటప్పుడు `retryCount` ఎక్కడ పెరిగింది, `pendingOrderId` ఏ ఫంక్షన్ నుంచి వచ్చింది, ఈ షరతు ముందు ఏ షరతు దాటి వచ్చాము అన్న పేర్లన్నీ ఆ చిన్న చోటులోనే తిరుగుతుంటాయి. పాట పంక్తి కూడా అక్కడికే వచ్చి కూర్చుంటుంది. బ్యాడ్లీ, సలామే కలిసి 1989లో ప్రచురించిన ప్రయోగాల్లో, అంకెలను వరుసగా గుర్తుపెట్టుకునే పనిని గాత్ర సంగీతం వాద్య సంగీతం కంటే ఎక్కువగా దెబ్బతీసింది. మీరు చదివిన ఫంక్షన్‌నే మళ్లీ చదవడం సరిగ్గా ఈ లక్షణమే: ఫంక్షన్ చివరికి వచ్చేసరికి మొదట్లో పట్టుకున్న పేరు జారిపోయి ఉంటుంది.

ఇందులో రెండో సంగతి కూడా ఉంది. శబ్దం ఎంత పెద్దదన్న దానికంటే, అది క్షణక్షణానికి ఎంత మారుతోందన్నదే ఎక్కువ అడ్డుపడుతుంది. పెర్హామ్, విజార్డ్ 2011లో ప్రచురించిన ప్రయోగంలో, ఇష్టమైన సంగీతమూ ఇష్టం లేని సంగీతమూ వరుసగా గుర్తుపెట్టుకునే పనిని ఇంచుమించు ఒకేలా దెబ్బతీశాయి. ఒకే అంకెను పదే పదే పలికిన మాట మాత్రం నిశ్శబ్దంతో పోలిస్తే చెప్పుకోదగ్గ నష్టం చేయలేదు. ‘నాకు ఇష్టమైన పాటలు కాబట్టి అడ్డురావు’ అన్న నమ్మకానికి అందుకే ఆధారం తక్కువ. ఇష్టం వల్ల ఉత్సాహం వస్తుంది, ఆ ఉత్సాహం పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు విన్నా వస్తుంది. పని జరిగేటప్పుడు కావలసింది మారకపోవడం.

కాబట్టి మీకు కావలసిన సంగీతంలో తెలిసిన సాహిత్యం ఉండకూడదు, తాళం మధ్యలో విరగకూడదు, శ్రుతీ స్థాయీ హఠాత్తుగా మారకూడదు. ఈ లెక్కన చూస్తే మన సంగీతంలోనే చక్కని సరుకు ఉంది, కాకపోతే కచేరీని మొత్తంగా కాక అందులోని భాగాలను విడదీసి తీసుకోవాలి.

కర్ణాటక కచేరీలో ఎక్కువ భాగం కృతులే. వాటిలో త్యాగరాజ కృతులు చాలావరకు తెలుగువే కాబట్టి, వయొలిన్ మీద విన్నా మాండొలిన్ మీద విన్నా, సంగీతం తెలిసిన ఇంట్లో పెరిగినవారికి సాహిత్యం వెంటనే స్ఫురిస్తుంది. కచేరీలో ప్రధాన కృతి తరువాత వచ్చే తని ఆవర్తనం, అంటే మృదంగ విద్వాంసుడు ఒక్కడే తన విద్యను చూపే భాగం, కోడింగ్‌కు ఎంతమాత్రం పనికిరాదు. అక్కడ లెక్కలు వేస్తూ శ్రోత చేతివేళ్లు కదలాలనే వాయిస్తారు, వేళ్లు కదలక మానవు. పనికొచ్చేది ఆలాపన, దానికంటే ఎక్కువగా తానం.

తానం రాగం-తానం-పల్లవిలో రెండో అంగం. ఇందులో తాళ బంధం ఉండదు, అయినా ఒక నడక ఉంటుంది. స్వరాలు చిన్న చిన్న గుచ్ఛాలుగా, మెట్ల మీద అడుగులు వేస్తున్నట్టు సమంగా కదులుతాయి. వీణ మీద తానానికి ప్రత్యేకమైన అందం ఉంది, దానికి కారణం వాద్య నిర్మాణమే. సరస్వతీ వీణకు మెట్ల మీదుగా సాగే నాలుగు తీగలతో పాటు పక్కన మూడు తాళపు తీగలు ఉంటాయి. తానం వాయించేటప్పుడు వీటిని మీటుతూ ఉండడం వల్ల షడ్జ పంచమాలు అడుగున ఎడతెగకుండా వినిపిస్తాయి. రాగం పైన ఎంత తిరిగినా కింద నేల కదలదు. చాలా రికార్డింగుల్లో ఈ భాగానికి మృదంగం కూడా ఉండదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే అయిదు ఘనరాగాలలో వరుసగా తానం వాయించే సంప్రదాయం వైణికులలో ఉంది. అటువంటి రికార్డింగు దొరికితే అది మీ పనికి మొదటి ఎంపిక కావాలని నా అభిప్రాయం. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు, కాకినాడ వైణికులు చిట్టిబాబు గారు వదిలి వెళ్లిన వీణ రికార్డింగులు సులభంగానే లభిస్తాయి. అయితే చిట్టిబాబు గారు వీణ మీద కోయిల కూతను పలికించడానికి ప్రసిద్ధులు. అలాంటి చమత్కార రచనలు ఇంట్లో తీరిగ్గా వినడానికి బాగుంటాయి, పనిలో ఉన్నప్పుడు తల తిప్పేస్తాయి. ఆయన రాగాలాపనలనూ తానాలనూ మాత్రం ఏరుకోండి.

ఆలాపన విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. మోహనలో, శివరంజనిలో తెలుగు సినిమా పాటలు చాలా ఉన్నాయి. రాగం పేరు మీకు తెలియకపోయినా ఫరవాలేదు, ఆ సంచారం రాగానే ఏదో ఒక పాట నోట్లోకి వచ్చేస్తుంది. కాబట్టి మీకు పాటలు గుర్తొచ్చే రాగాలను పక్కనపెట్టి, పెద్దగా పరిచయం లేనివాటిని తీసుకోండి. తోడి వంటి గమకాలు దట్టంగా ఉండే రాగాలు కూడా ఈ పనికి బరువు, ప్రతి స్వరం ఊగుతూ చెవిని తన వైపు లాగుతుంది. మీరే కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారైతే కథ ఇంకోలా ఉంటుంది. వినిపించిన ప్రతి సంచారానికీ మనసు స్వరాలు రాసుకుంటుంది, అదీ మాటల పనే. నా సంగతి అంతే, అందుకే కష్టమైన కోడ్ చదివేటప్పుడు నేను వీణ కంటే హిందూస్తానీ వాద్యాలే ఎక్కువగా పెట్టుకుంటాను.

హిందూస్తానీ వైపు సితార్, సరోద్, బాన్సురి, సంతూర్ మీద ఆలాప్, జోడ్, ఝాలా అనే క్రమం ఉంటుంది. ఆలాప్ లయ లేకుండా నెమ్మదిగా విచ్చుకుంటుంది, జోడ్‌లో నడక మొదలవుతుంది, ఝాలాలో వేగం బాగా పెరుగుతుంది. పనికి ఆలాప్, జోడ్ రెండూ బాగుంటాయి, ఝాలా రాకముందే కత్తిరించడం మంచిది. ఆ తరువాత తబలాతో వచ్చే విలంబిత గత్‌ను, అంటే తాళంతో నెమ్మదిగా సాగే రచనను కూడా నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు. దీనికి కారణం రెండు సంప్రదాయాలలో తాళవాద్యం చేసే పనిలో ఉన్న తేడా. మన మృదంగం రచన వెంట నడుస్తూ, సంగతిని బట్టి తన నడకను మార్చుకుంటూ ఉంటుంది. తబలా ఎక్కువసేపు ఠేకా అనే ఒకే దరువుల వరుసను ఆవర్తనం తరువాత ఆవర్తనంగా తిప్పుతుంది. మారని శబ్దం అడ్డురాదన్న పై సూత్రానికి ఇది సరిగ్గా సరిపోతుంది. సంతూర్‌లో శివకుమార్ శర్మ గారు, బాన్సురిలో హరిప్రసాద్ చౌరాసియా గారు వాయించిన దీర్ఘమైన స్టూడియో రికార్డింగులతో మొదలుపెట్టండి. స్టూడియో అని ఊరికే అనడం లేదు. కచేరీ రికార్డింగులో చప్పట్లు, దగ్గులు, సభా వ్యాఖ్యలు ఉంటాయి, మనిషి గొంతు ఒక్కసారి వినిపించినా సరే దృష్టి అటు వెళుతుంది.

పాశ్చాత్య సంగీతంలో యాంబియంట్ అనే ధోరణి ఇలాంటి అవసరానికి దగ్గరగా పుట్టినదే. బ్రయాన్ ఈనో 1978లో విమానాశ్రయాల కోసమని విడుదల చేసిన ఆల్బమ్‌కు ఉద్దేశమే అది: వినాలంటే వినవచ్చు, పట్టించుకోకపోయినా నడిచిపోతుంది. మనకు దానిలో ఏ సాహిత్యమూ జ్ఞాపకం లేకపోవడం అదనపు లాభం. లో-ఫై బీట్స్ కూడా ఫరవాలేదు, లయ మారదు. కాకపోతే వాటిలో కొన్నింట సినిమా సంభాషణల ముక్కలు అతికిస్తారు, అవి ఉన్న జాబితాలను వదిలేయండి. తెలుగు సినిమాల బీజీఎం జాబితాలను అసలు ముట్టుకోవద్దనే చెబుతాను. హీరో నడిచొచ్చే దృశ్యాన్ని ఎత్తి చూపడానికి కట్టిన సంగీతం అది, దాని పనే దృష్టిని లాగడం.

చాలామంది ఉదయం డెస్క్ దగ్గర సుప్రభాతమో విష్ణు సహస్రనామమో చిన్నగా పెట్టుకుంటారు, దాని గురించి కూడా ఒక మాట. సహస్రనామం దాదాపు మొత్తం అనుష్టుప్ ఛందస్సులో, ఇరుకైన స్వరస్థాయిలో, ఒకే నడకతో సాగుతుంది కాబట్టి గాత్రమైనా అది సినిమా పాట కంటే ఎంతో నిలకడైనది. మెయిల్స్ చూడడానికి, టికెట్లు సర్దడానికి హాయిగా సరిపోతుంది. కంఠతా వచ్చినవారికి మాత్రం నోరు దాని వెంట పోతుంది, అందువల్ల కొత్త కోడ్ చదివే వేళకు అది కాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. నానక్‌రామ్‌గూడలో మా బృందంలోని ఒక సహోద్యోగిని నన్ను మీ ప్రశ్నే అడిగారు. ఆర్డర్ల క్యూ నుంచి సందేశాలు చదివే సర్వీసులో అప్పుడప్పుడు ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదవుతోంది. దానికి కారణం వెతకడానికి రీట్రై కోడ్‌ను భోజనం తరువాత కూర్చుని నిదానంగా చదవాలి. ఆమె జాబితాలో ఉన్నవన్నీ వేణువు మీద వాయించిన సినిమా పాటలు, ఒక్కొక్కటి నాలుగైదు నిమిషాలు. అంటే గంటకు పన్నెండు సార్లకు పైగా పాట ఆగడం, కొత్త పాట మొదలవడం, ఇదేమిటో గుర్తుపట్టడం. సాహిత్యం సంగతి అటుంచి, ఈ మొదలవడాలే ఆమెను ఎక్కువగా కదిపాయి.

ఆ జాబితా స్థానంలో గంటన్నర సంగీతాన్ని మూడే ఫైళ్లుగా సిద్ధం చేశాము: వీణ ఆలాపన-తానం ఒకటి, బాన్సురి ఆలాప్-జోడ్ ఒకటి, సంతూర్ విలంబిత గత్ ఒకటి. మూడూ డబ్బిచ్చి కొనుక్కున్న ఫైళ్లే కాబట్టి కత్తిరించుకోవడానికి వీలైంది. ముందుగా ఒక్కొక్కదాని నిలకడను కొలిచాము. ఇంట్లోని సొంత కంప్యూటర్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉంటే ఈ ఒక్క కమాండ్ చాలు:

```
ffmpeg -hide_banner -i veena.flac -af ebur128 -f null -
```

చివరి సారాంశంలో రెండు విలువలు చూడాలి. `I` అన్నది మొత్తం మీద సగటు శబ్ద స్థాయి. `LRA` అన్నది నెమ్మదైన భాగాలకూ బిగ్గరైన భాగాలకూ మధ్య ఉన్న అంతరం. నా లెక్కలో `LRA` 8 లోపు ఉంటే చెయ్యి వాల్యూమ్ మీదకు వెళ్లదు, 12 దాటితే మొదట వినబడలేదని పెంచడం, తరువాత మోత ఎక్కువైందని తగ్గించడం తప్పదు. ఆమె వీణ ఫైలులో ఈ విలువ 13 దగ్గర ఉంది, ఆలాపన మంద్రంలో మెల్లగా మొదలై, చివరన కృతి మృదంగంతో బిగ్గరగా ముగియడమే అందుకు కారణం. కృతిని కత్తిరించేసి, మొదటి అరనిమిషంలోని శ్రుతి సవరింపును తీసేసి, మిగిలినదాన్ని ఒక స్థాయికి తెచ్చాము:

```
ffmpeg -ss 00:00:35 -to 00:27:30 -i veena.flac \
  -af "loudnorm=I=-23:LRA=7:TP=-2" -ar 48000 01-veena.flac
```

ఇక్కడ `-ar 48000` అవసరమే. `loudnorm` ఇలా ఒకే విడతలో పనిచేసేటప్పుడు నమూనా రేటును 192 కిలోహెర్ట్జ్‌కు పెంచుతుంది, దాన్ని కిందికి దించకపోతే ఫైలు అనవసరంగా ఉబ్బుతుంది. మరో చిక్కు పాత రేడియో రికార్డింగులతో వస్తుంది. ఈ ఫిల్టర్ నిశ్శబ్దంగా ఉన్న చోట్లను పైకి లేపుతుంది కాబట్టి, వాటితో పాటు టేపు బుస కూడా లేచి, తీగ మీటగానే తగ్గి, మళ్లీ లేస్తూ ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది. అలా వినిపిస్తే `LRA=7` బదులు 10 పెట్టి చూడండి, అప్పటికీ పోకపోతే ఆ రికార్డింగును వదిలేయడమే మేలు. మిగతా రెండు ఫైళ్లనూ ఇదే రీతిలో సరిచేసి, మూడింటినీ ఒక ఫోల్డర్‌లో పెట్టి ఎడం లేకుండా తిరిగేలా ఎంపీవీలో వాయించారు:

```
mpv --no-video --gapless-audio=yes --loop-playlist=inf ~/Music/pani/
```

ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఇలాంటి ప్రోగ్రాములు ఎక్కించుకోవడానికి సాధారణంగా అనుమతి ఉండదు. ఫైళ్లను ఇంట్లో తయారు చేసుకుని ఫోన్‌లో వేసుకుంటే సరిపోతుంది. ఫోన్లు లోపలికి తీసుకువెళ్లనివ్వని ఓడీసీలో కూర్చునేవారికి అదీ కుదరదు. అక్కడ ఏవి అనుమతిస్తారో ముందే కనుక్కుని, ఏదీ లేకపోతే మామూలు ఇయర్‌ప్లగ్‌లతో సరిపెట్టుకోవడమే.

ఆమె మొదటి రోజు వీణ దగ్గరే తడబడ్డారు. ఆ ఆలాపన కల్యాణి రాగమని గుర్తుపట్టారు, చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తన వెంటనే మనసులో మొదలైంది. ఆ ఫైలు తీసేసి దాని చోట సరోద్ ఆలాప్ ఒకటి పెట్టాక, ఒకే వరుసను వారమంతా మార్చకుండా వాడారు. రోజూ అదే సంగీతం అంటే విసుగు పుడుతుందని అనుకుంటారు గానీ, విసుగు పుట్టే స్థితే మనకు కావలసినది. కొత్తదనం పోయిన శబ్దాన్ని మెదడు లెక్కచేయడం మానేస్తుంది. ఇంతకీ సమస్య సందేశానికి రసీదు పంపే ముందు డేటాబేస్ కమిట్ జరిగి, ఆ రెండింటి మధ్య సర్వీసు పడిపోయినప్పుడు అదే సందేశం మళ్లీ రావడంలో ఉంది. అది దొరకడానికి ఆమె ఓపికగా చదవడమే కారణం, సంగీతం చేసిందల్లా ఆ చదువుకు అడ్డం రాకపోవడం.

మీ వరుస మీకు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. గంటసేపు పని చేశాక ఆపి, ఏమేం వినిపించాయో చెప్పడానికి ప్రయత్నించండి. ‘ఏదో సంతూర్ నడిచింది’ అనిపిస్తే బాగున్నట్టు. మూడో భాగంలో ఎక్కడ వేగం పెరిగిందో, ఏ చోట బాగుందో వివరంగా చెప్పగలుగుతున్నారంటే ఆ సమయంలో మీ దృష్టి కోడ్ మీద లేదు. కాలు తాళం వేయడం, ట్రాక్ మార్చాలనిపించడం, వాల్యూమ్ మీదకు చెయ్యి పోవడం కూడా ఇవే సూచనలు.

సంగీతం ఏదైనా సరే పెట్టుకోకూడని పని కూడా ఒకటుంది. టామ్ డిమార్కో, తిమతీ లిస్టర్ 1987 నాటి తమ పుస్తకం ‘పీపుల్‌వేర్’లో, 1960ల నాటి కార్నెల్ విశ్వవిద్యాలయ ప్రయోగం ఒకదాన్ని వివరించారు. విద్యార్థులలో కొందరు సంగీతం ఉన్న గదిలోనూ, కొందరు నిశ్శబ్దంగా ఉన్న గదిలోనూ కూర్చుని ఒకే ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ రాశారు. వేగంలోనూ తప్పులలోనూ రెండు గదులకూ పెద్ద తేడా రాలేదు. అయితే ఆ సమస్యలో ఒక కిటుకు దాగి ఉంది: ఇచ్చిన అంకెల మీద చెప్పిన లెక్కలన్నీ వరుసగా చేస్తే చివరికి వచ్చేది మొదట ఇచ్చిన అంకే. అంటే లెక్కలేవీ చేయనక్కరలేదు. ఆ సంగతి కనిపెట్టినవారిలో అత్యధికులు నిశ్శబ్దంగా ఉన్న గదివారే. చెప్పిన పని చేసుకుపోవడం వేరు, ఈ పని అసలు అవసరమా అని తట్టడం వేరు. డిజైన్ ఆలోచించేటప్పుడు, ఒక బగ్‌కు మూల కారణం ఊహించేటప్పుడు సంగీతం ఆపేసి, ఖాళీ మీటింగ్ గది దొరికితే అక్కడికి వెళ్లి కూర్చోండి. దీనికి భిన్నంగా, పేర్లు మార్చడం, టెస్టుల్లో పాత విలువలను సరిచేయడం, లాగ్‌లను వేరు చేయడం వంటి చేతిపనికి మీ వేణువు సినిమా పాటలు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. అక్కడ ప్రమాదం నిద్ర ముంచుకురావడమే గానీ దృష్టి చెదరడం కాదు.

ఇక ఓపెన్ ఆఫీసు మాటల సంగతి. నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లు ఏసీ హోరు, బస్సు ఇంజను వంటి నిలకడైన తక్కువ పౌనఃపున్యపు శబ్దాలను బాగా తగ్గిస్తాయి, మనిషి గొంతును అంత బాగా తగ్గించలేవు. పైగా హోరు పోవడంతో, పక్క వరుసలో శుక్రవారం సినిమా గురించి సాగే చర్చ మునుపటి కంటే స్పష్టంగా వినిపిస్తుంది! మెల్లగా సాగే ఆలాపనలో స్వరాల మధ్య ఖాళీలు ఉంటాయి, ఆ మాటలు ఆ ఖాళీల్లోంచే దూరుతాయి. చాలామంది దీనికి వాల్యూమ్ పెంచుతారు. అంతకంటే సంగీతం కింద బ్రౌన్ నాయిస్‌నో వాన చప్పుడునో సన్నగా నడిపించడం మంచి పద్ధతి. తంబూర శ్రుతిని వాడదామని కొందరు ప్రయత్నిస్తారు, ఆలోచన బాగానే ఉంటుంది గానీ రికార్డింగు శ్రుతికి అది కచ్చితంగా కలవాలి. అర స్వరం తేడా ఉన్నా రెండూ కొట్టుకుని తల దిమ్మెక్కిస్తాయి. సంగీతమేదీ లేకుండా తంబూర ఒక్కటే పెట్టుకుంటే ఈ బాధ లేదు, నిజానికి అన్నిటికంటే మారని శబ్దం అదే.

శబ్ద స్థాయికి ఒక హద్దు పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్. స్థాయి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగానికి పడిపోతుంది, అంటే 83 దగ్గర 20 గంటలే. మన పనివారం అంతా హెడ్‌ఫోన్లతోనే గడిస్తే ఆ 40 గంటలు ఆఫీసులోనే అయిపోతాయి, మెట్రోలో వినేది దాని మీద అదనం. పక్కవారు మామూలు గొంతుతో పిలిస్తే వినిపించేంత స్థాయిలో ఉంచుకుంటే హద్దు దాటరు. గంటన్నర వరుస పూర్తికాగానే హెడ్‌ఫోన్లు తీసేసి కాసేపు లేచి తిరగండి, ఆ వరుసను అంత పొడవుతో కట్టడంలో ఇదీ ఒక ఉద్దేశమే. అలా వాడాలనుకుంటే పై కమాండ్‌లో `--loop-playlist=inf` తీసేయాలి.

ఫైళ్లు కొని కత్తిరించే ఓపిక లేక స్ట్రీమింగ్ యాప్‌లోనే వినేట్టయితే, ఆటోప్లేను ఆపేయండి. లేకపోతే మీ ఆల్బమ్ ముగియగానే అది తనకు తోచిన పాట ఎత్తుకుంటుంది, తెలుగువారి ఖాతాలో అది చాలావరకు తెలుగు సినిమా పాటే అవుతుంది. షఫుల్ కూడా వద్దు. వాల్యూమ్‌ను సమం చేసే నార్మలైజేషన్ సెట్టింగ్ ఉంటే దాన్ని ఆన్ చేయండి. ప్రకటనలు వచ్చే ఉచిత ఖాతాతో ఈ ప్రయత్నమే దండగ, ఆలాపన మధ్యలో ఒక్క ప్రకటన చాలు, పట్టుకున్న పేర్లన్నీ జారిపోవడానికి. చాట్ నోటిఫికేషన్ శబ్దాలు కూడా అదే హెడ్‌ఫోన్‌లోకి వస్తాయి కాబట్టి, వరుస నడిచేంతసేపు వాటిని ఆపి, ఆన్-కాల్ అలర్ట్ ఒక్కదాన్ని ఫోన్ వైబ్రేషన్ మీద ఉంచండి.